గుడ్లగూబ అన్నంత మాత్రాన

నా భార్య మాట సగం పక్షవాతం తీసుకుపోయింది. మిగతా సగం నా మరదలు తీసుకుపోయింది. ఇది నా అభిప్రాయం కాదు, జరిగిన సంగతి. చుట్టాల్లో కొందరు కాదంటారు. వాళ్లెవరూ ఆ గదిలో లేరు. నేనున్నాను.

నేను కుట్టుమిషన్లు బాగుచేస్తాను. కింద కొట్టు, పైన రెండు గదులు. పైనుంచి మా ఆవిడ మాట్లాడుతుంటే కింద కొట్టుకొచ్చినవాళ్లకి రేడియో అక్కర్లేకపోయేది. ఆమె నోట్లో నువ్వుగింజ నానదు. ఎవరి మిషను ఎందుకు చెడిందో, వాళ్లింట్లో ఎవరు ఎవరితో మాట్లాడటం మానేశారో, నాకంటే ఆమెకే ముందు తెలిసేది. ఒకరోజు పొద్దున జడ వేసుకుంటూ దువ్వెన జారవిడిచింది. తీయడానికి వంగి లేవలేదు. కుడిచెయ్యి, మాట ఒక్కసారే పోయాయి.

చెయ్యి కొంచెం కొంచెంగా తిరిగొచ్చింది. మాట రాలేదు. అన్నీ అర్థమయ్యేవి. తలుపు మూయమంటే మూసేది. నవ్వితే నవ్వేది. చెప్పబోతే మాత్రం నోరు తెరిచి, గాల్లో దేనికోసమో వెతికి, మూసేసేది. తర్వాత నా మీద కోపంగా చూసేది, ఆ మాట నేనే దాచినట్టు.

ఆసుపత్రిలో మాట నేర్పే డాక్టరమ్మ ఒకామె ఉంది. చిన్న వయసు. నెమ్మదిగా మాట్లాడుతుంది. మొదటిరోజు నేను, మా ఆవిడ, మా మరదలు ముగ్గురం వెళ్లాం. మరదలు పసిపిల్లల బడిలో పంతులమ్మ. ముప్ఫై మంది మీద అరిచే గొంతు, ఇంట్లోనూ తగ్గించదు.

‘‘గొంతు బాగానే ఉందండీ. వస్తువు ఏమిటో తెలుసు, దాని పేరు దొరకదు,’’ అంది డాక్టరమ్మ. ‘‘కాకి ఏమంటుంది, చెప్పండి.’’

నన్నే అడిగింది. ‘‘కా అంటుంది,’’ అన్నాను.

‘‘దాని పేరు?’’

‘‘కాకి.’’

‘‘చూశారా. అరుపు పలికితే పేరు ముప్పాతిక పలికినట్టే. మన భాషలో ఇలాంటివి చాలా ఉన్నాయి. గువ్వ గూ గూ అంటుంది. మేక మే అంటుంది. ఇంకొన్నిటికి చూపే పేరు. ముళ్లుంటే ముళ్లపంది. ఒంటినిండా కట్లుంటే కట్లపాము. అలాంటి పేర్లకి బొమ్మే అందించేస్తుంది. మాట పోయినవాళ్లకి ముందు ఇవే తిరిగొస్తాయి. అరుపు వేరే దారిన వస్తుంది మరి. కానీ అది మాట వచ్చినట్టు కాదు.’’

‘‘మాట వచ్చిందని ఎప్పుడు తెలుస్తుంది?’’

‘‘కుక్క దగ్గర తెలుస్తుంది. కుక్క భౌ అంటుంది. భౌలో కుక్క లేదు. పిల్లి మ్యావ్ అంటుంది, మ్యావ్‌లో పిల్లి లేదు. గాడిద ఓండ్ర పెడితే అందులో గాడిద లేదు. ఊరికే పేరు అయిన పేరు, ఎక్కడా పట్టు దొరకని పేరు, అది చెప్పగలిగితే మాట వచ్చినట్టు.’’

నాకు అర్థమైంది. మిషన్లో కూడా అంతే. చక్రం చేత్తో తిప్పితే సూది ఆడుతుంది. అంత మాత్రాన మోటారు పనిచేస్తున్నట్టు కాదు.

ఆమె ఇంకో మాట చెప్పింది. రోజూ రెండు పూటలా మాట నేర్పే తరగతి ఒకటుంది. చోట్లు కొద్ది. వచ్చేవారం పరీక్ష. బాగా తక్కువ మార్కులు వచ్చినవాళ్లనే తీసుకుంటారు. జబ్బు చేసిన మొదటి నెలల్లో నేర్పితేనే మాట నిలుస్తుంది. ‘‘అందుకే, పరీక్షకి ముందు ఇంట్లో ఏమీ నేర్పకండి. ఎలా ఉన్నారో అలాగే తీసుకురండి.’’

మా మరదలు పక్కనే కూర్చుని ఉంది. తల ఊపింది. ఊపడం నేను చూశాను.

మర్నాడే బడి సంచి భుజాన వేసుకుని వచ్చింది. అందులో బడిలో పిల్లలకి చూపే అట్టముక్కలు, అన్నీ పిట్టలు, జంతువులు, పురుగులు. మా ఆవిడ ఎదురుగా ముక్కాలిపీట వేసుకుని కూర్చుంది.

‘‘అక్కా, ఇది చూడు. కా... కా...’’

‘‘కా,’’ అంది మా ఆవిడ.

‘‘కా... కా... కి.’’

‘‘కా. కా. కి.’’

మరదలు చప్పట్లు కొట్టింది. మా ఆవిడ ముఖం వెలిగింది. జబ్బు చేశాక మొదటిసారి వెలిగింది. నేను స్క్రూడ్రైవరుతో మెట్లెక్కి వచ్చి గుమ్మంలో నిలబడ్డాను.

‘‘వద్దందిగా ఆవిడ,’’ అన్నాను.

‘‘ఏం వద్దంది బావా?’’

‘‘నేర్పొద్దంది.’’

‘‘నేర్పుతున్నానా? ఆడుకుంటున్నాం. ఏం అక్కా?’’

మా ఆవిడ తలూపింది. అక్కచెల్లెళ్లు ఒక్కటైతే మధ్యలో వేలు పెట్టేవాడికి వేలే పోతుంది. కిందికి దిగాను.

రోజూ వచ్చింది. బడి వదలగానే వచ్చేది. నేను కింద మిషన్ల పట్టీలు మారుస్తుంటే పైనుంచి అడవి వినిపించేది. గూ గూ. మే మే. తీతూ తీతూ. కీచ్ కీచ్. కొట్టుకొచ్చిన దర్జీ ఒకడు పైకి చూసి, ‘‘కోళ్లఫారం పెట్టారా?’’ అన్నాడు. ‘‘మిషను తీసుకుని వెళ్లు,’’ అన్నాను.

మరదలు తెలివితక్కువది కాదు. ఏ పేరు ఏ దారిన వస్తుందో నాలుగు రోజుల్లో కనిపెట్టింది. అరుపులో పేరున్నవాటికి అరుపు అందించేది. కూ అని సాగదీస్తే అక్క కోయిల దగ్గరికి వెళ్లేది. తీతూ తీతూ అని రెండుసార్లంటే తీతువు వచ్చేది. కీచు అంటే కీచురాయి సగం వచ్చేసేది, రాయి కోసం గులకరాయితో బల్లమీద గట్టిగా కొట్టేది. చెవి దగ్గర జోమని రొద చేసి చేత్తో ఈగను తోలినట్టు తోలితే, జోరీగ.

అరుపు లేనివాటికి ఆకారం చూపేది. దువ్వెన పళ్లు అక్క అరచేతికి గుచ్చితే ‘‘ముళ్ల’’ అని వచ్చేది. పంది మాత్రం రాదు. అప్పుడు ఈమె ముక్కు పైకెత్తి గుర్రుమనేది. వంటింటి తెడ్డు తెచ్చి తన మూతికి అడ్డం పెట్టుకుంటే తెడ్డుమూతికొంగ. చెవులు రెండూ పట్టి పైకి లాగితే చెవులపిల్లి. మామూలుగా మేమెవరమూ అలా అనం. కుందేలంటాం. కుందేలు అనే మాటలో పట్టుకోవడానికి ఏమీ లేదని ఈమె ఆ పాత పేరు ఎక్కడినుంచో తవ్వి తెచ్చింది. గొంగళి లాంటి దుప్పటి తనే కప్పుకుని నేల మీద పాకి గొంగళిపురుగు అనిపించింది. వడ్రంగిపిట్టకి నా కొట్టులోంచి ఉలి పట్టుకుపోయింది, అడక్కుండా.

గుడ్లగూబ అన్నిటికంటే గొప్పగా వచ్చింది. దానికి రెండు దారులూ ఉన్నాయి. వేళ్లు గుండ్రంగా చుట్టి కళ్లకి పెట్టుకుంటే ‘‘గుడ్ల’’. తర్వాత గూ అంటే ‘‘గూబ’’. సగం చూపు, సగం చెవి. ఆ పేరు పెట్టినవాడు చెట్టు కింద నిలబడి ముందు ఆ కళ్లు చూసి, తర్వాత ఆ కూత విని ఉండాలి. మా ఆవిడ రెండు చేతులూ కళ్లకి పెట్టుకుని ‘‘గుడ్ల. గూ. బ,’’ అని, అద్దంలో చూసుకుని, పడీ పడీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

పిచ్చుక దగ్గర గొడవైంది.

‘‘కిచ్ కిచ్... అక్కా, కిచ్...’’

‘‘కిచ్చుక,’’ అంది మా ఆవిడ.

‘‘అదే. సరిపోయింది.’’

‘‘ఏం సరిపోయింది? అది పిచ్చుక. కిచకిచలో ‘పి’ ఎక్కడుంది?’’ అన్నాను.

‘‘బావా, ఆ మాత్రం దానికి...’’

‘‘మీ బడిలో పిల్లాడు కిచ్చుక అంటే మార్కు వేస్తావా?’’

‘‘మూడేళ్లవాడైతే వేస్తా.’’

‘‘మీ అక్కకి మూడేళ్లా?’’

మా ఆవిడ మమ్మల్నిద్దర్నీ చూసి, నా వైపు వేలు చూపించి, ‘‘గుర్ర్,’’ అంది. నిద్రలో నేను పెట్టే గురక. అది నా పేరయింది. మరదలు పొట్ట పట్టుకుని నవ్వింది. ‘‘బావా, నీకు కొత్త పేరు పెట్టింది చూడు. కాకికి పెట్టినట్టే పెట్టింది.’’ ఆ తర్వాత మా ఆవిడకి నేను కావాల్సొచ్చినప్పుడల్లా అదే. మిషను టకటక. ఫ్యాను గిరగిర. దాహమేస్తే గడగడ. ఇంట్లో ప్రతి వస్తువూ ఏదో ఒక చప్పుడు అయిపోయింది. చప్పుడు లేనిదానికి పేరే లేదు. మంచం లేదు. గోడ లేదు. ఉప్పు లేదు. ముప్ఫై ఏళ్లు పిలిచిన నా పేరూ లేదు.

ఇదంతా ముద్దుగా ఉందనుకున్నారు చుట్టాలు. నాకు ఒళ్లు మండింది.

పరీక్ష ముందురోజు మరదలిని కొట్టు ముందు నిలబెట్టి అడిగాను.

‘‘రేపు తప్పాలి. తప్పితేనే చోటు. అర్థమవుతోందా?’’

‘‘తప్పడానికి పరీక్షకి వెళ్లేవాళ్లని నేనెక్కడా చూడలేదు బావా.’’

‘‘ఇది బడి కాదు.’’

‘‘నోరు తెరుచుకుని, తెల్లబోయి, అందరి ముందూ అక్క అలా నిలబడితే నేను చూడలేను. వాళ్లు తెలివి లేనిదని రాసుకుంటారు. ఒకసారి అలా రాసుకున్నాక ఇంక ఎవరూ శ్రద్ధ పెట్టరు. మా బడిలో నేను రోజూ చూస్తున్నాను, బాగా చెప్పిన పిల్లలకే ఇంకా చెబుతారు.’’

‘‘అక్కడ లెక్క తిరగేసి ఉంది. డాక్టరమ్మ చెప్పింది.’’

‘‘ఆమె ఏదో మాటవరసకి అంది.’’

తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లు. ఇంక ఏం చెప్పను. ఆ మాట చెవినేసుకోవడం ఇష్టం లేక చెవినేసుకోలేదు, అంతే.

పరీక్షరోజు ఆ డాక్టరమ్మ లేదు. వాళ్లమ్మకి ఒంట్లో బాగాలేదని సెలవు పెట్టింది. ఆమె బదులు వేరే అతను కూర్చున్నాడు. మెడలో గుర్తింపు కార్డు, చేతిలో గడియారం, బయట వరసలో ఇంకా జనం. ఆసుపత్రి బొమ్మలు తీశాడు. మొదటిది ఓడ లంగరు. రెండోది మంచు మీద జారే బండి. మా ఆవిడ జన్మలో రెండూ చూడలేదు.

‘‘ఇవి ఈవిడకి తెలియవండీ,’’ అంది మరదలు. ‘‘తెలియని వస్తువుకి పేరు ఎలా చెబుతుంది?’’ అది న్యాయమైన మాటే. నేనూ ఒప్పుకుంటాను.

‘‘తెలిసిన బొమ్మలు ఏమైనా ఉన్నాయా?’’ అన్నాడతను.

సంచిలోంచి కట్ట తీసి ఇచ్చింది.

అప్పుడు అర్థమైంది నాకు. ‘‘వద్దు సార్. అవి ఇంట్లో నేర్పినవి,’’ అన్నాను.

‘‘మీరు కాస్త బయట కూర్చోండి అంకుల్. ఈవిడ కంగారు పడతారు.’’

బయటికి పంపారు. గాజు తలుపు. లోపలివి కనిపిస్తున్నాయి, చెవి ఆనిస్తే వినిపిస్తున్నాయి. కాకి. గువ్వ. మేక. తీతువు. మరదలు అతని వెనకాల నిలబడి ఉంది. గొంతు విప్పలేదు, చెయ్యి మాత్రం ఊరుకోలేదు. వేళ్లు కళ్లకి చుట్టింది. మా ఆవిడ గుడ్లగూబ అంది. ఈమె తన చెవి నిమురుకుంది. ఆమె చెవులపిల్లి అంది. అతను తల వంచి టిక్కులు పెట్టుకుంటూ పోయాడు. కిచ్చుకకీ పెట్టాడు.

తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. బల్ల మీద నీళ్లగ్లాసు ఉంది. దాన్ని ఎత్తి పట్టుకున్నాను.

‘‘ఇదేమిటి? చెప్పు.’’

మా ఆవిడ గ్లాసు వైపు చూసింది. నోరు తెరిచింది. వెతికింది. వెలుగుతున్న ముఖం నా కళ్ల ముందే ఆరిపోయింది. ‘‘గడ... గడ,’’ అంది.

‘‘విన్నారా సార్? గ్లాసు రాదు. నీళ్లు రాదు. ఏదీ రాదు.’’

‘‘భావం తెలియజేశారుగా అంకుల్. మంచి లక్షణం,’’ అని ఇంకో టిక్కు పెట్టాడు. ‘‘ఈవిడ చాలా బాగా కోలుకుంటున్నారు. తరగతి అవసరం లేదు. ఇంట్లో మాట్లాడిస్తూ ఉండండి. ఆ చోటు ఇంకా ఎక్కువ అవసరమైనవాళ్లకి వెళ్తుంది.’’

మరదలు చేతులు జోడించింది. ఆనందంతో.

బయట మెట్ల మీద మా ఆవిడ ఏడుస్తోంది. పరీక్ష నెగ్గినందుకు కాదు, నేను గ్లాసు చూపినందుకు. మరదలు ఆమె భుజం పట్టుకుని నన్ను చూసి, ‘‘అంత మంది ముందు అక్క పరువు తీశావు,’’ అంది. పరువు. నేను చోటు గురించి మాట్లాడుతున్నాను, ఆమె పరువు గురించి మాట్లాడుతోంది. చెవిటివాడి ముందు శంఖం ఊదినా కనీసం ఊదినవాడికి వినిపిస్తుంది.

డాక్టరమ్మ సెలవు అయిపోయాక వెళ్లాను. జరిగింది చెప్పాను. మరదలిని కూడా పిలిపించింది, బొమ్మల కట్ట తెమ్మంది. కట్ట విప్పి, బల్ల మీద రెండు వరసలుగా పరిచింది. ఒక వరసలో కూతలు. ఒక వరసలో ఆకారాలు. గుడ్లగూబని రెండు వరసల మధ్య పెట్టింది. మూడో వరసకి చోటు వదిలింది. అందులో పెట్టడానికి ఏమీ మిగల్లేదు.

‘‘కుక్క ఏదండీ? మీ బడి బొమ్మల్లో కుక్క లేకుండా ఉండదు కదా.’’

మరదలు సంచి ఒడిలోకి లాక్కుంది.

‘‘పిల్లి? గాడిద? గుర్రం?’’

‘‘తీసేశాను,’’ అంది మరదలు. ‘‘అవి అక్కకి రావట్లేదు. వచ్చేవే ఉంచాను. పాలపిట్ట కూడా తీసేశాను. పేరులో పాలు, ఒంట్లో నీలం, పాలు చూపిస్తే తెల్ల అంటోంది. లకుముకిపిట్టకి ఎటునుంచి చూసినా దారి లేదు. అదీ తీసేశాను.’’

డాక్టరమ్మ కళ్లు మూసుకుని తెరిచింది. అరవలేదు. ‘‘పరీక్ష ఉన్నది వాటికోసమే అమ్మా,’’ అంది. ‘‘మీరు తీసేసినవే ఈవిడ జబ్బు. మీరు ఉంచినవి ఆ జబ్బు అంటనివి.’’

నేను చెప్పాల్సింది ఇంకేమీ లేదు. ఆమే చెప్పేసింది.

మళ్లీ పరీక్ష పెట్టమని ఆమె పైవాళ్లకి రాసింది. తరగతి నిండిపోయింది, తర్వాతి తరగతికి చూస్తామన్నారు. అది ఎండలు తగ్గాక. ఈలోగా ఆమెకి వీలున్నప్పుడు, వారానికో పూట, మా ఆవిడని కూర్చోబెట్టుకుని మూడో వరస నేర్పడం మొదలుపెట్టింది. కుక్క బొమ్మ చూపి, భౌ అననివ్వకుండా, చెయ్యి నోటికి అడ్డం పెట్టి, ఆగి, ఆగి, పేరు కోసం కాచుకునేది. చాలా కష్టం. ఒక పూటకి ఒక పేరు. అది మర్నాటికి పోయేది. రోజూ రెండు పూటలా అయితే నిలిచేదని ఆమె అనలేదు. అనక్కర్లేదు.

ఒక మధ్యాహ్నం మా ఆవిడ మంచం మీద లేచి కూర్చుని నన్ను పిలిచింది, తనకి వచ్చిన పేరుతోనే. పైకి వెళ్లాను. ఏదో కావాలి. చెయ్యి ఊపింది. నీళ్లు తెచ్చాను. కాదంది. దుప్పటి తెచ్చాను. కాదంది. కిటికీ తీశాను, మూశాను. చెల్లెల్ని పిలవనా అన్నాను. కాదంది. పెట్టె తెరిచి బట్టలు ఒక్కొక్కటీ చూపించాను. ప్రతిదానికీ తల అడ్డంగా ఊపింది. నోరు తెరిచి వెతికింది. చప్పుడు రాలేదు, ఎందుకంటే ఆమెకి కావాల్సినదానికి చప్పుడు లేదు. చేత్తో గీయలేకపోయింది, ఎందుకంటే దానికి ఆకారమూ లేదు. చాలాసేపు చూసి, చివరికి నా చెయ్యి తట్టి, పోనీలే అన్నట్టు పడుకుంది. నేను కిందికి వెళ్లాను, ఎవరిదో మిషను సగంలో ఉంది.

సాయంత్రానికి రెండోసారి పక్షవాతం వచ్చింది. అందులోంచి లేవలేదు.

ఆమెకి ఏం కావాల్సొచ్చిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. వస్తువో, మనిషో, ఒక సంగతో, నామీద ఒక ఫిర్యాదో. కుక్క అన్నంత మాట వచ్చినా చెప్పి ఉండేది.

పోయాక చుట్టాలు వచ్చారు. కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మరదలు ఏడుస్తూ అందరికీ చెబుతోంది. ‘‘చివరిదాకా మాట్లాడుతూనే ఉంది అక్క. పిట్టల పేర్లన్నీ చెప్పేది. పరీక్షలో డాక్టరు మెచ్చుకున్నాడు.’’ ఒక ముసలావిడ, ‘‘అదృష్టవంతురాలు, మాట పోకుండా పోయింది,’’ అంది. నేను కొట్టులోకి వెళ్లి షట్టరు సగం దించి కూర్చున్నాను.

కొన్నాళ్లకి మరదలు కొట్టుకి వచ్చింది. షట్టరు కింద వంగి లోపలికి వచ్చి, మిషన్ల మధ్య నిలబడింది.

‘‘బావా, నాతో మాట్లాడవా?’’

మాట్లాడలేదు.

‘‘నవ్వింది కదా బావా. ఆ నాలుగు రోజులూ నవ్వింది. నువ్వూ చూశావు. అది కూడా తప్పేనా?’’

నవ్విన మాట నిజం. చూసిన మాటా నిజం. ఆ నవ్వు కోసం ఈమె నా భార్య నోరు అమ్మేసింది.

‘‘నేను చేసింది తప్పంటే తప్పే. ఒక్కసారి తిట్టు. తిట్టి వదిలెయ్యి. ఇలా మూగనోము పడితే నేను ఏమైపోవాలి?’’

‘‘మీ అక్కకి ఆఖరిరోజు మధ్యాహ్నం ఏదో కావాల్సొచ్చింది,’’ అన్నాను. ‘‘ఏమిటో చెప్పలేక పడుకుంది. అది ఏమిటో తెలిస్తే వచ్చి చెప్పు. తెలియకపోతే రాకు.’’

‘‘అది నాకెలా తెలుస్తుంది బావా?’’

‘‘అదే నేను అంటున్నది.’’

వెళ్లిపోయింది. మళ్లీ రెండుసార్లు వచ్చింది. ఇద్దరు పెద్దమనుషుల్ని కూడా తీసుకొచ్చింది. ఆమె ప్రేమతో చేసిందని వాళ్లు నాకు నచ్చజెప్పారు. ప్రేమతోనే చేసింది. నేను కాదనలేదు. పగతో చేసి ఉంటే ఈపాటికి మరిచిపోయి ఉండేవాణ్ని.

ఇదంతా ఇప్పుడు రాసింది, చుట్టాలు తలో రకంగా చెప్పుకుంటున్నారు కాబట్టి. ఉన్నది ఉన్నట్టు ఒకచోట ఉండాలని. ఉంది. ఇకమీదట ఎవరైనా కొట్టుకొచ్చి ఈ ఊసెత్తితే మిషను తీసుకుని వేరేచోటికి వెళ్లొచ్చు. దీని గురించి నా నోట ఇంకో మాట రాదు.